బెల్లం వేయగానే పాయసం ఎందుకు విరుగుతుంది?

రథసప్తమి నాడు పిడకల మీద ఆవుపాలు పొంగించి, అందులోనే కొత్తబియ్యం ఉడికించి, పొయ్యి మీద ఉండగానే బెల్లం కొట్టి వేస్తారు. చిక్కుడాకుల్లో పెట్టి సూర్యుడికి నైవేద్యం చూపించేదాకా పాలు విరిగాయన్న మాట పెద్దగా వినపడదు. ఆరు నెలలు తిరిగి శ్రావణమాసం వచ్చేసరికి అదే ఇంట్లో కథ మారిపోతుంది. ఖరీదైన మీగడపాల ప్యాకెట్లు తెచ్చి, పక్కనే నిలబడి చిక్కగా కాచి, బెల్లం వేసిన రెండు నిమిషాలకి గిన్నెలో తెల్లటి రవ్వ, దాని చుట్టూ పచ్చటి తేట. ఇక టెన్షన్ మొదలు. బెల్లం కల్తీదని ఒకరంటారు, ప్యాకెట్ పాలు ఇంతేనని మరొకరంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉండొచ్చు. కానీ ఎవరూ అనుమానించనిది ఇంకొకటి ఉంది. పాయసం బాగా రావాలని పాలను అంతసేపు కాచి చిక్కబరచడమే పాలు విరగడానికి సగం దారి వేసి ఉంటుంది.

ముందు పంచదార సంగతి చూద్దాం. పంచదార వేసి ఎంతసేపు మరిగించినా పాలు విరగవు. కాబట్టి తప్పు తీపిది కాదు. పంచదారలో తీపి తప్ప దాదాపు ఇంకేమీ లేదు. బెల్లంలో అలా కాదు. చెరకురసాన్ని వడకట్టి, మరిగించి, దగ్గర పడేసి చేస్తారు కనుక రసంలో ఉన్న పులుపు, ఖనిజ లవణాలు చాలావరకు అందులోనే మిగులుతాయి. పైగా కాచేటప్పుడు మడ్డి తేలడానికి, పులుపు తగ్గడానికి సున్నపుతేట పోస్తారు. అది సరిగ్గా పడితే పులుపు విరుగుతుంది, కానీ రసంలో కాల్షియం కొంత పెరుగుతుంది. అంటే బెల్లం ముక్క వేసినప్పుడు మనం పాలల్లో తీపితో పాటు కొంచెం పులుపు, కొంచెం కాల్షియం, మెగ్నీషియం కూడా కలుపుతున్నాం. పాలకి పడనివి ఇవే.

ఎందుకు పడవో తెలియాలంటే పాలల్లో తెల్లగా కనిపించేది ఏమిటో తెలియాలి. కేసీన్ అనే మాంసకృత్తు కంటికి కనిపించనంత చిన్న ఉండలుగా పాలల్లో తేలుతూ ఉంటుంది. ఆ ఉండల్ని లోపల కట్టి ఉంచేది కాల్షియం, ఫాస్ఫేట్. ఉండల పైపొర మీద ఋణావేశం ఉంటుంది కనుక ఒకదాన్ని ఒకటి నెట్టుకుంటూ విడివిడిగా ఉంటాయి. పులుపు తగిలితే ఆ ఆవేశం తగ్గిపోతుంది. కాల్షియం ఎక్కువైనా అంతే, పైగా అది రెండు ఉండల మధ్య వంతెనలా అతుక్కుంటుంది. అప్పుడు అవి గుంపు కట్టి రవ్వగా మారి, నీళ్ళని బయటికి వదిలేస్తాయి. మనం విరగడం అనేది దీన్నే.

ఇందులో వేడి పాత్ర పెద్దది. మామూలు పాల పీహెచ్ 6.6, 6.7 దగ్గర ఉంటుంది. చల్లటి పాలు పూర్తిగా గడ్డకట్టాలంటే అది 4.6 దాకా దిగాలి, అంటే పెరుగంత పులుపు కావాలి. మరుగుతున్న పాలకి అంత అక్కర్లేదు. పన్నీరు చేసేటప్పుడు లీటరు పాలకి రెండు చెంచాల నిమ్మరసం చాలడం అందుకే. అదే నిమ్మరసం ఫ్రిజ్‌లోంచి తీసిన పాలల్లో పిండితే పాలు కాస్త చిక్కబడతాయే గానీ అలా ముద్దగా విరగవు. బెల్లంలోని పులుపు నిమ్మకాయ ముందు లెక్కలోకి రాదు. చల్లబడిన పాలు దాన్ని తేలిగ్గా తట్టుకుంటాయి, కుతకుత ఉడుకుతున్న పాలు తట్టుకోలేకపోవచ్చు. "దించాక బెల్లం వెయ్యి" అని పెద్దవాళ్ళు చెప్పే మాటకి ఆధారం ఇదే.

ఇప్పుడు చిక్కదనం దగ్గరికి వద్దాం. లీటరు పాలని అరలీటరు చేశామంటే నీళ్ళు మాత్రమే పోయాయి. కేసీన్, కాల్షియం, పాలల్లో సహజంగా ఉన్న లవణాలు అన్నీ సగం చోటులోకి వచ్చి ఇరుక్కున్నాయి. ఉండలు ఒకదానికొకటి బాగా దగ్గరయ్యాయి. దీనికి తోడు, ఎక్కువసేపు మరిగితే పాలు వాటంతట అవే కొద్దిగా పులుపు వైపు జరుగుతాయి. పాలల్లోని చక్కెర వేడికి చెదిరి కొంత ఆమ్లం పుడుతుంది. రుచికి తెలియదు గానీ లోపల జరుగుతూనే ఉంటుంది. అందుకని గంటసేపు కాచిన పాలు చూడటానికి ఎంత బలంగా ఉన్నా విరిగే విషయంలో పచ్చిపాల కన్నా బలహీనమే. డబ్బాల్లో పాలు చిక్కబరిచి అమ్మే పరిశ్రమకి ఈ తలనొప్పి బాగా తెలుసు. అక్కడ పాలు గడ్డకట్టకుండా ఫాస్ఫేట్ లవణాలు కొద్దిగా కలిపి వదులుగా ఉన్న కాల్షియాన్ని కట్టేస్తారు. మన వంటింట్లో ఆ సౌకర్యం లేదు. పైగా మనం ఎదురు కాల్షియం ఉన్న బెల్లం వేస్తున్నాం.

ప్యాకెట్ పాల మీద నెపం కూడా ఇక్కడే తేలుతుంది. ఫుల్ క్రీమ్ ప్యాకెట్‌లో వెన్న 6 శాతం, వెన్న కాక మిగతా ఘనపదార్థం 9 శాతం ఉండాలి. టోన్డ్ పాలల్లో అవి 3, 8.5. పాలు విరిగేది వెన్న ఎక్కువున్నందువల్ల కాదు. ఫుల్ క్రీమ్ మొదటి నుంచీ చిక్కగా ఉంటుంది కనుక దాన్ని టోన్డ్ పాలని కాచినట్టు సగానికి కాచాల్సిన పని లేదు, అంతే. చాలామంది పాలు మారుస్తారు గానీ కాచే అలవాటు మార్చరు. ఇక పొద్దున పోయించుకున్న పాలు మధ్యాహ్నం దాకా బయటే ఉంటే అది వేరే కథ. కాచినప్పుడు విరగనంత మాత్రాన వాటిలో పులుపు పుట్టలేదని కాదు. అంచు మీద నిలబడి ఉంటాయి, బెల్లం పడగానే దాటేస్తాయి.

ఇదంతా చూస్తే రథసప్తమి పరమాన్నం ఎందుకు విరగదో అర్థమవుతుంది. ఆ రోజుల్లో బెల్లం కొత్తది. చెరకు గానుగలు చలికాలంలోనే జోరుగా ఆడతాయి కనుక అనకాపల్లి నుంచి వచ్చినా, పక్క ఊరి గానుగ నుంచి వచ్చినా దిమ్మ ఇంకా పొడిగా, గట్టిగా ఉంటుంది. పాలు అప్పుడే పితికినవి, సగానికి ఇగరబెట్టినవి కావు. బియ్యం ఎక్కువ, పాలు తక్కువ. ఉడికిన బియ్యం నుంచి వచ్చే గంజి జిగురు కేసీన్ ఉండలు ఒకదాన్నొకటి సులువుగా చేరకుండా అడ్డుపడుతుంది. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. అంత గట్టి పరమాన్నంలో పాలు కొద్దిగా విరిగినా ఎవరికీ కనిపించదు. తేట వదిలినా అన్నం పీల్చేసుకుంటుంది. విరుగుడు కొట్టొచ్చినట్టు కనిపించేది పల్చగా, గ్లాసులో పోసుకుని తాగేలా చేసే పాయసంలోనే.

శ్రావణానికి అదే బెల్లం వానగాలిని పీల్చి చెమ్మగిల్లుతుంది. దిమ్మ చుట్టూ జిగురు కారి, ముట్టుకుంటే వేలికి అంటుకుంటుంది. చెమ్మలో ఈస్టు లాంటి సూక్ష్మజీవులు పనిచేసి పులుపు పెంచుతాయి. డబ్బా మూత తీయగానే కల్లు వాసన లాంటిది వస్తే ఆ బెల్లం పులుసులోకి, పచ్చడిలోకి వాడుకోండి, పాయసంలోకి వద్దు. చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా తగిలే బెల్లం కూడా ఉంటుంది. చవుడు నేలల్లో పండిన చెరకుతో చేసిన బెల్లానికి ఆ గుణం వస్తుంది, దాంతోనూ జాగ్రత్త. రంగుని మాత్రం నమ్మకండి. తెల్లగా, బంగారంలా మెరిసే బెల్లం వేస్తే పాలు విరగవని చాలామంది అనుకుంటారు. ఆ తెలుపు చాలాసార్లు కాచేటప్పుడు కలిపే హైడ్రోస్ అనే రసాయనం వల్ల వస్తుంది. పులుపు ఎంతుందో, లవణం ఎంతుందో రంగు చెప్పదు.

చెప్పేది పరీక్ష ఒకటే. పాలు చిక్కబడ్డాక నాలుగు చెంచాలు చిన్న గిన్నెలోకి తీసి, ఒక చెంచా బెల్లంపాకం కలిపి, చిన్నమంట మీద ఒక పొంగు రానివ్వండి. మరిగినా నున్నగానే ఉంటే ఆ పాలకీ ఆ బెల్లానికీ పడినట్టే, ఇక భయం లేదు. మరిగితే విరిగింది కానీ గోరువెచ్చని పాలల్లో విరగలేదంటే చల్లార్చి కలిపే పద్ధతి తప్పనిసరి. గోరువెచ్చగా ఉన్నప్పుడే విరిగితే బెల్లం మార్చాలి. లీటరు పాలు పోగొట్టుకోవడం కన్నా నాలుగు చెంచాలు పోగొట్టుకోవడం నయం కదా.

ఇప్పుడు ఒక లీటరు ఫుల్ క్రీమ్ పాలతో మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం. బియ్యం 75 గ్రాములు, బెల్లం 200 గ్రాములు. బియ్యం కడిగి అరగంట నానబెట్టి, ఒక చెంచా నెయ్యిలో కాస్త వేయించి, గ్లాసున్నర నీళ్ళు పోసి మెత్తగా ఉడికించాలి. బియ్యాన్ని నేరుగా పాలల్లో వేస్తే రుచి ఇంకా బాగుంటుందన్నది నిజమే. కానీ పాలల్లో బియ్యం నెమ్మదిగా ఉడుకుతాయి, ఆ లోపు పాలు మనం అనుకున్నదాని కన్నా ఎక్కువ ఇగిరిపోతాయి. మెతుకుని రెండు వేళ్ళ మధ్య నొక్కితే పలుకు తగలకుండా పేస్టులా మెదగాలి. ఇక్కడ రాజీ పడకూడదు. బెల్లం పడ్డాక బియ్యం ఇక మెత్తబడవు, తీపి నీళ్ళని లాగేసుకోవడం వల్ల పలుకు పలుకుగానే బిగుసుకుపోతుంది. అప్పుడు ఉడకలేదని మళ్ళీ మంట మీద పెడతాం, బెల్లం వేసిన పాలు మరుగుతాయి, విరుగుతాయి. చాలా ఇళ్ళలో పాయసం విరిగేది ఇలాగే. బెల్లాన్ని తిడతారు గానీ అసలు తప్పు ఉడకని బియ్యానిది.

పక్క పొయ్యి మీద వెడల్పాటి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో పాలు పెట్టండి. ఒక పొంగు వచ్చాక చెక్క గరిటెను నిలువుగా ముంచి, తడి ఎంతవరకు వచ్చిందో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. మంట మధ్యస్థంగా ఉంచి, అడుగు గీకుతూ, అంచుకి కట్టిన మీగడని లోపలికి తోస్తూ కాచండి. తడి గీత దాదాపు ఐదో వంతు కిందికి దిగితే చాలు, అంటే లీటరు ఎనిమిది వందల మిల్లీలీటర్లు అయినట్టు. ఎంతసేపు పడుతుందన్నది గిన్నె వెడల్పుని బట్టి, మంటని బట్టి మారుతుంది కాబట్టి గడియారం కన్నా గరిటె మీద గీతే నమ్మకం. ఇంతకు మించి ఇగరబెట్టడం బెల్లం పాయసానికి లాభం కన్నా నష్టమే ఎక్కువని నా అభిప్రాయం. సగానికి కాచిన పాల రుచి కావాలంటే అది పంచదార పాయసానికి దాచుకోవాలి.

మిగతా చిక్కదనం గంజి నుంచి రావాలి. ఉడికిన అన్నంలో రెండు గరిటెలు తీసి మెదిపి, మొత్తం పాలల్లో కలిపి, చిన్నమంట మీద పది నిమిషాలు ఉంచితే పాలు గరిటె వెనక పల్చని పొరగా పట్టుకుంటాయి. ఇంకా చిక్కగా కావాలంటే నానబెట్టిన జీడిపప్పు పది పలుకులు మెత్తగా రుబ్బి కలపండి. బియ్యం గంజి, సగ్గుబియ్యం, జీడిపప్పు ముద్ద పాలకి చిక్కదనం ఇస్తాయి, అవి పాల లవణాల్ని పెంచవు. పాలపొడి, కోవా మాత్రం అలా కాదు. అవి కూడా నీళ్ళు తీసేసిన పాలే కనుక వాటిని దండిగా కలపడమంటే మళ్ళీ పాలని ఇగరబెట్టినట్టే. పొయ్యి మీద ఉన్నప్పుడు కాస్త పల్చగా అనిపించినా కంగారు పడొద్దు. చల్లారేకొద్దీ గంజి బిగిసి, అరగంటలో పాయసం మీరు అనుకున్నదానికన్నా చిక్కగా తయారవుతుంది.

ఈ లోపు బెల్లం కొట్టి, పావు కప్పు నీళ్ళు పోసి, కరిగి ఒక పొంగు వచ్చేదాకా ఉంచి, సన్నని జల్లెడలో వడకట్టండి. తీగపాకం అక్కర్లేదు. వడకట్టడం ఇసుక, చెరకు పిప్పి పోవడానికి మాత్రమే అనుకుంటాం, దాని ఉపయోగం ఇంకొకటి ఉంది. వేడి పాలల్లో బెల్లం ముక్క వేస్తే అది కరిగే చోట పులుపు, లవణం అంతా ఒక్కచోటే చిక్కగా పోగవుతుంది, ఆ చుట్టుపక్కల పాలు ముందు విరుగుతాయి. పాకంగా చేసి పోస్తే అదే బెల్లం గిన్నె అంతా సమానంగా పరుచుకుంటుంది. కానీ పాకం కాస్తే చాలు, ఇక విరగదన్న నమ్మకం సగమే నిజం. కాచడం వల్ల బెల్లంలోని పులుపు దాదాపు అలాగే ఉంటుంది, కాల్షియం ఎక్కడికీ పోదు. పాకం కూడా చల్లారాలి.

పాయసం గిన్నె దించి, మూత పెట్టకుండా, అప్పుడప్పుడు కలుపుతూ పావుగంట వదిలేయండి. తాగే కాఫీ వేడికి దగ్గరగా వచ్చిందా లేదా అన్నది గుర్తు. గిన్నె బయటి గోడ మీద వేలు పెడితే ఒకటి రెండు క్షణాలు ఆగగలగాలి. అప్పుడు గోరువెచ్చని పాకాన్ని సన్నని ధారగా పోస్తూ కలపండి. ఒక్కసారి కుమ్మరించకండి. నేతిలో వేయించిన జీడిపప్పు, యాలకుల పొడి తర్వాత వేయండి. కిస్‌మిస్‌లో పులుపుంటుంది కనుక దాని వంతు అన్నిటికన్నా చివర. ఇక ఆ గిన్నెని మళ్ళీ పొయ్యి ఎక్కించకూడదు.

చిటికెడు వంటసోడా సంగతి చాలామంది అడుగుతారు. పనిచేస్తుంది. పాకంలో వేస్తే నురగ వస్తుంది, అంటే పులుపు విరుగుతోందన్నమాట. రెండు వందల గ్రాముల బెల్లానికి గోటి కొన మీద నిలిచేంత చాలు. మించితే సబ్బు నీళ్ళ రుచి వస్తుంది, పాయసం రంగు ముదిరిపోతుంది. ఇది పులుపుకే మందు, కాల్షియానికి కాదు. కాబట్టి సోడా వేశాం కదా అని మరిగే పాలల్లో బెల్లం పోయడానికి లైసెన్స్ దొరికినట్టు కాదు.

ఇంత చేసినా విరగడం మొదలైతే ముందుగా గరిటె చెబుతుంది. గరిటె ఎత్తి పక్కకి వంచి చూడండి. వెనకవైపు పొర నున్నగా జారకుండా సన్నని చుక్కలు చుక్కలుగా, తడి ఇసుక అంటినట్టు కనిపిస్తే అది మొదటి మెట్టు. గిన్నెని వెంటనే చన్నీళ్ళ పళ్ళెంలో దింపి కలపండి. వేడి తగ్గితే అక్కడే ఆగిపోతుంది. ఆ చుక్కలు నోటికి తగులుతాయనుకుంటే జీడిపప్పు వేయకముందే ఒక భాగం తీసి మిక్సీలో తిప్పి కలిపేయొచ్చు. పచ్చటి తేట విడిపోయిందంటే మాత్రం తిరిగి కలిసే దారి లేదు. గుంపు కట్టిన కేసీన్ మళ్ళీ ఉండలుగా విడిపోదు, సోడా వేసినా రాదు. అప్పుడు వెనక్కి లాగే ప్రయత్నం మానేసి, రెండు చెంచాల నెయ్యి వేసి, తేట ఇగిరేదాకా చిన్నమంట మీద కలుపుతూ గట్టి పరమాన్నంగా దించేయడం మేలు. కాస్త కోవా పలుకులా తగిలినా తినడానికి బాగానే ఉంటుంది. పాలు మొదటి నుంచే పుల్లటి వాసన వేస్తే మాత్రం పారబోయాలి.

కేరళవాళ్ళు ఈ గొడవని వేరే దారిలో తప్పించారు. అక్కడ పాల పాయసానికి పంచదార వాడతారు, బెల్లంతో చేసే ప్రథమన్‌కి కొబ్బరిపాలు పోస్తారు. కొబ్బరిపాలల్లో కేసీన్ లేదు కనుక ఈ రకంగా విరగడం ఉండదు. బెల్లం రుచి, ఆవుపాల రుచి రెండూ ఒకే గిన్నెలో కావాలని పట్టుబట్టేవాళ్ళలో మనతో పాటు బెంగాలీలూ ఉన్నారు. వాళ్ళు ఖర్జూరపు బెల్లంతో పాయేష్ చేసేటప్పుడు కూడా గిన్నె దించాకే బెల్లం కలుపుతారు.

మిగిలింది రెండో పూట. పొద్దున చక్కగా వచ్చిన పాయసం ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం వేడి చేయగానే విరుగుతుంది. బెల్లం అప్పటికే పాలల్లో ఉంది, మనం మళ్ళీ మరిగించాం, అంతే. చల్లగా తినడమో, గిన్నెని మరో వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి వెచ్చబరచడమో చేయాలి. గట్టిపడితే కాచి చల్లార్చిన పాలు కొద్దిగా పోసుకోవచ్చు. యాభై మందికి చేసే వంటలో చిక్కు మరో రకం. పెద్ద డేగిశా దించాక గంట గడిచినా లోపలి వేడి తగ్గదు, పావుగంట లెక్క అక్కడ పనికిరాదు. అలాంటప్పుడు పాలు, అన్నం కలిపినది ఒకవైపు, వడకట్టిన పాకం ఇంకోవైపు ఉంచుకుని, వడ్డించే బకెట్‌లోకి పాలు తోడి, కాస్త ఆరాక, ఏ బకెట్‌కి ఆ బకెట్ పాకం కలుపుకుంటే సరిపోతుంది. ఒకవేళ విరిగినా ఒక్క బకెట్టే విరుగుతుంది.